నాయకత్వ వ్యాసంలో గొడవకు చోటు

బ్రిటన్‌లో ఏడాది పాటు మాస్టర్స్ చదవడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు మన పిల్లలు ఏటా దరఖాస్తు చేస్తుంటారు. 1983లో మొదలైన పథకం ఇది. ఫీజు, ప్రయాణం, ఖర్చులు అన్నీ వాళ్లే భరిస్తారు. బదులుగా రెండు షరతులు పెడతారు. దరఖాస్తు చేసేనాటికి కనీసం రెండేళ్ల పని అనుభవం, వాళ్ల లెక్కలో 2,800 గంటలు, ఉండాలి. చదువు అయ్యాక సొంత దేశానికి తిరిగొచ్చి రెండేళ్లు ఉండాలి. మార్కుల సంగతి విశ్వవిద్యాలయం చూసుకుంటుంది. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు చూసేది ముఖ్యంగా వ్యాసాలు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఆ వ్యాసాల్లో ఒకటి నాయకత్వం గురించి. మీరు ముందు నిలబడి నలుగురిని కదిలించిన సందర్భం ఏదో చెప్పమంటుంది.

ఇలాంటి ప్రశ్న చీవెనింగ్‌కే పరిమితం కాదు. ఫుల్‌బ్రైట్ నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ కూడా నాయకత్వం, సమాజ సేవ చూస్తుంది. సెసిల్ రోడ్స్ వీలునామాతో 1902లో పుట్టిన రోడ్స్ స్కాలర్‌షిప్ నిబంధనల్లోనూ ముందుండి నడిపే గుణం ఒక ప్రమాణం. ఎక్కడైనా దరఖాస్తుదారు చేతిలో ఉండేది మాత్రం ఒకటి ఒకటిన్నర పేజీ చోటే. చీవెనింగ్ చాలా ఏళ్లపాటు ఒక్కో వ్యాసానికి 500 పదాల హద్దు పెట్టింది. హద్దు మారుతుంటుంది కాబట్టి ఏ ఏడాది ఎంతో ఆ ఏడాది దరఖాస్తులోనే చూసుకోవాలి.

ఆ కొద్ది చోటులో చాలామంది రాసేది ఇలా ఉంటుంది: ఊళ్లో సమస్య చూశాను, స్నేహితులను కూడగట్టాను, కొన్ని ఇబ్బందులు వచ్చినా కలిసికట్టుగా అధిగమించాం, వందలాది మందికి మేలు జరిగింది. అబద్ధం ఒక్కటీ ఉండదు. కానీ చదివేవాళ్లకు ఆ మనిషి గురించి ఏమీ తెలియదు. నా అభిప్రాయంలో ఇలాంటి వ్యాసం నిలిచేదీ పడిపోయేదీ రెండు చోట్ల. జట్టులో వచ్చిన గొడవను ఎలా చెప్పారన్నది ఒకటి. ఫలితాన్ని ఎలా లెక్కపెట్టారన్నది రెండోది. ఈ రెండూ అర్థం కావాలంటే ఒక పనిని మొదటినుంచి చివరిదాకా చూడాలి. అందుకోసం ఒక ఊరిని, ఒక అమ్మాయిని ఊహించుకుందాం.

పాలమూరు వైపు ఒక ఊరు. అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు, మండల కేంద్రంలో ఉద్యోగం. ఊళ్లో ప్రాథమిక పాఠశాల ఉంది కానీ నాలుగు, ఐదు తరగతుల పిల్లల్లో చాలామందికి తెలుగు వాక్యం చదవడం రాదు. ఆమె ఇంకో ఆరుగురు డిగ్రీ పిల్లలను కూడగట్టి, పంచాయతీ వారి కమ్యూనిటీ హాల్లో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా చదువు చెప్పే ఏర్పాటు చేసింది. ఇది నమ్మశక్యమైన పని, ఎన్నో ఊళ్లలో జరిగేదే. వ్యాసానికి కొత్త రకం పనే కావాలని ఎవరూ అడగరు.

ఆమె చేసిన మొదటి మంచి పని, పాఠం మొదలుపెట్టకముందే పరీక్షించడం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామాల్లో చేస్తున్న అసర్ సర్వేలో చదివే శక్తిని కొలవడానికి ఒకే ఒక కాగితం వాడతారు. దాని మీద అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ముందు పేరా ఇస్తారు. గడగడా చదివితే కథ ఇస్తారు. తడబడితే పదాలకు దిగుతారు. ఐదు పదాల్లో నాలుగైనా చదివితే పదాల స్థాయి, లేకపోతే అక్షరాలు. ఒక్కొక్కరికి కొన్ని నిమిషాలు చాలు. తెలుగులోనూ ఈ కాగితం ఉంది. జూన్‌లో మూడు నుంచి ఐదో తరగతి దాకా 64 మంది పిల్లలను ఆమె జట్టు ఇలా చూసింది. కథ చదివింది 9 మంది. పేరా దగ్గర ఆగింది 14 మంది. పదాల దగ్గర 17 మంది. అక్షరాల దగ్గరో అంతకు కిందో ఉన్నది 24 మంది.

గొడవ మొదలైంది ఇక్కడే.

ఆమె ఆలోచన, పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టాలని. అక్షరాలు రాని ఐదో తరగతి పిల్లాడికి ఐదో తరగతి పాఠం చెబితే గోడకు చెప్పినట్టే. ఈ పద్ధతికి మంచి ఆధారమే ఉంది. ప్రథమ్ దీన్ని ఏళ్లుగా నడుపుతోంది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పంచుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలు ప్రథమ్‌తో కలిసి దీని మీద పరిశోధనలు చేశారు. అంటే ఆమె పక్షాన శాస్త్రం ఉంది.

ఎదుటివాడు జట్టులో అందరికన్నా అనుభవం ఉన్నవాడు, బీఎడ్ చదువుతున్న కుర్రాడు. అతను ఒప్పుకోలేదు. పదేళ్ల పిల్లాడిని ఏడెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చోబెట్టి అ, ఆలు దిద్దిస్తే వాడు రేపటినుంచి రాడన్నాడు. ఊళ్లో వెక్కిరింత ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఆమె పట్టుబట్టి స్థాయి ప్రకారమే కూర్చోబెట్టింది. వారం తిరక్కముందే ముగ్గురు ఐదో తరగతి పిల్లలు మానేశారు.

ఈ ఘట్టాన్ని వ్యాసంలో ఎలా పెట్టాలి? మొదటి ముసాయిదాలో దాదాపు అందరూ రాసే వాక్యం ఇది: ‘జట్టులో ఒక సభ్యుడు కొత్త పద్ధతిని వ్యతిరేకించాడు. నేను ఓపికగా వివరించి ఒప్పించాను.’ ఈ వాక్యంలో ఎదుటివాడు మూర్ఖుడు, రాసినామె జ్ఞాని. చదివే అధికారి ఇలాంటివి వందల కొద్దీ చూసి ఉంటాడు. పైగా అసలు జరిగింది ఇది కాదు. అతను చెప్పింది నిజమైంది, పిల్లలు మానేశారు. ఆ సంగతి దాచితే వ్యాసంలో నాయకత్వం చూపించే చోటే పోతుంది.

అసలు జరిగింది వేరు. ముగ్గురు మానేసిన రోజు ఆమె హాజరు పట్టిక ముందు పెట్టి, అతన్నే అడిగింది: పాఠం స్థాయిని బట్టే ఉండాలి, పిల్లల పరువూ పోకూడదు, ఎలా? అతను చెప్పిన ఉపాయం మీద ఏర్పాటు మారింది. మొదటి ముప్పావు గంట మాత్రమే చదివే స్థాయి ప్రకారం కూర్చోవడం. అక్షరాల గుంపులో ఉన్న ఐదో తరగతి పిల్లలకు విడిగా ఒక మూల, వాళ్లకు అతనే చెప్పడం. గుంపులకు ఒకటి, రెండు అన్న వరసలు లేకుండా పువ్వుల పేర్లు పెట్టడం. మిగతా ముప్పావు గంట అందరూ తమ తమ తరగతులతో కూర్చుని లెక్కల ఆటలు ఆడడం. దీన్ని రెండు వారాలు చూద్దాం, హాజరు పడిపోతే తరగతుల వారీకే వెళ్దాం అని ఆమె ముందే మాట ఇచ్చింది. మానేసిన ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు. మూడోవాడు రాలేదు.

ఇప్పుడు అదే ఘట్టం వ్యాసంలో ఇలా పడుతుంది. దరఖాస్తు ఇంగ్లిష్‌లోనే రాయాలి, ఇక్కడ తెలుగులో చూద్దాం:

‘పెద్ద పిల్లలు చిన్నవాళ్లతో కూర్చోవడానికి సిగ్గుపడి మానేస్తారని మా జట్టులోని బీఎడ్ విద్యార్థి హెచ్చరించాడు. మొదటి వారంలోనే ముగ్గురు మానేశారు. స్థాయిని బట్టి బోధించడం వదులుకోకుండా అతని అభ్యంతరానికి జవాబు వెతకాలనుకున్నాను. ఏర్పాటును అతనితో కలిసి మార్చాను, పెద్ద పిల్లల బాధ్యత అతనికే అప్పగించాను, రెండు వారాల హాజరును బట్టి ఇద్దరం తీర్పు ఒప్పుకోవాలని షరతు పెట్టుకున్నాం. ఇద్దరు పిల్లలు తిరిగొచ్చారు.’

నాలుగైదు వాక్యాలే. కానీ ఇందులో ఎదుటివాడి వాదన పూర్తి బలంతో ఉంది. ఆమె ఏది వదల్లేదో, ఏది వదిలిందో తెలుస్తుంది. తీర్పు ఎవరి మాటను బట్టి కాకుండా హాజరు పట్టికను బట్టి జరిగిందని తెలుస్తుంది. నోబెల్ ప్రస్తావన ఇందులో లేదని గమనించండి. ఆ పరిశోధన నిజమే, ఆమె పద్ధతిని అదే సమర్థిస్తుంది. కానీ ఆ హాల్లో ఆ సాయంత్రం సమస్యను తేల్చింది అది కాదు. ఉన్న కొద్ది పదాలను దానికి ఇస్తే ఆ కుర్రాడి మాటకు చోటు మిగలదు.

వ్యాసం రాయడానికి అందరూ చెప్పే కొలమానం ఒకటి ఉంది: పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అని నాలుగు గదులు. చీవెనింగ్ వాళ్లూ ఇదే సూచిస్తారు. మంచి కొలమానమే, కథ దారి తప్పకుండా కాపాడుతుంది. కానీ ఆ నాలుగు గదుల్లో ఎదుటి మనిషికి గది లేదు. అన్నీ ‘నేను’ చుట్టూ తిరుగుతాయి. గొడవను మూడో గదిలో, చేసిన పనిలో భాగంగా, కావాలని తెచ్చి పెట్టుకోవాలి. పరిస్థితి వర్ణన తగ్గించాలి. ఊరి వెనకబాటు గురించి రెండు వాక్యాలకు మించి అక్కర్లేదు. 500 పదాలుంటే నేనైతే ఊరికీ సమస్యకూ 80, జట్టుకూ ఏర్పాటుకూ 100, గొడవకూ దానివల్ల మారినదానికీ 170, ఫలితానికి 100, మిగిలింది ఈ పని తర్వాత చదవబోయే చదువుకు ఎలా కలుస్తుందో చెప్పడానికి ఇస్తాను. ఇది నా తూకం మాత్రమే. కానీ గొడవకు అందరూ ఇచ్చే ఒక్క వాక్యం కన్నా ఎక్కువ ఇవ్వాలన్న సంగతిలో నాకు సందేహం లేదు.

‘నేను’, ‘మేము’ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. పది మందితో చేసిన పనిని నాదని చెప్పుకోవడానికి మన పిల్లలకు మొహమాటం. ఫలితంగా వ్యాసమంతా ‘మేము చేశాం, మేము సాధించాం’ అని ఉంటుంది, స్కాలర్‌షిప్ ఎవరికివ్వాలో తెలియదు. కొందరు దీన్ని విని రెండో అంచుకు పోతారు, ఆరుగురు చేసిన పని అంతా ‘నేను’ అవుతుంది. రెండింటికీ విరుగుడు ఎవరు ఏం చేశారో పేర్చి చెప్పడమే. పరీక్షించాలన్న ఆలోచన నాది. పువ్వుల పేర్లు అతనివి. హాలు తాళం, కరెంటు బిల్లు పంచాయతీ కార్యదర్శితో మాట్లాడి సాధించింది ఇంకో అమ్మాయి. ఇలా పంచి ఇచ్చినప్పుడు మిగిలే ‘నేను’ చిన్నదే కానీ దాన్ని ఎవరూ కాదనలేరు.

తేలని గొడవలూ ఉంటాయి. మన ఊళ్లో ఒక వాలంటీరు మొదటినుంచీ పదో తరగతి పిల్లలకు కోచింగ్ పెట్టాలని పట్టుబట్టాడు. తల్లిదండ్రులు అడుగుతున్నది అదే, ఫలితం కూడా మార్కుల్లో కనిపిస్తుంది. ఆమె ఒప్పుకోలేదు, ఉన్న ఆరుగురితో రెండూ నడవవని. అతను ఆగస్టులో వెళ్లిపోయి సొంతంగా కోచింగ్ పెట్టుకున్నాడు. దీన్ని సుఖాంతం చేయనక్కర్లేదు. ‘ఒకరు వేరే ప్రాధాన్యంతో విడిపోయారు, ఆ ఖాళీ నింపడానికి మహిళా సంఘం నుంచి ఇంటర్ చదివిన ఇద్దరిని తీసుకున్నాను’ అంటే చాలు. ఒక్కడు కూడా విడిపోని జట్టు గురించి చదివితే నాకు అనుమానమే వస్తుంది.

ఇక ఫలితం. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, అదీ తెలియకుండా.

జనవరిలో మళ్లీ అదే కాగితంతో పరీక్షించారు. కానీ దొరికింది 64 మంది కాదు, 51 మంది. పాలమూరు వైపు దసరా దాటితే వలస మొదలవుతుంది. తల్లిదండ్రులు ఇటుక బట్టీలకో, నగరాల్లో కట్టడాల పనికో పోతారు, పిల్లలూ వెంట పోతారు. 13 మంది లేరు. ఉన్న 51 మందిలో కథ చదివినవాళ్లు 23, పేరా 13, పదాలు 9, అక్షరాలు 6.

ఇప్పుడు వ్యాసంలో రాయాలనిపించే వాక్యం ఇది: ‘అక్షరాల దగ్గర ఆగిపోయిన పిల్లల సంఖ్య 24 నుంచి 6కు తగ్గింది.’ రెండు అంకెలూ నిజమే, వాక్యం మాత్రం తప్పు. ఎందుకంటే వెళ్లిపోయిన 13 మందిలో 7 మంది జూన్‌లో అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లు. వాళ్లు నేర్చుకోలేదు, ఊరు విడిచారు. తగ్గిన 18లో ఏడుగురు చదువు వల్ల తగ్గినవాళ్లు కాదు. వలస పోయేది ముందుగా బీద కుటుంబాలే, చదువులో వెనకబడేదీ ఎక్కువగా ఆ పిల్లలే. కాబట్టి ఇలాంటి లెక్కలో పనివాళ్లకు తెలియకుండానే ఫలితం ఎప్పుడూ మంచిగా కనబడే వైపుకే ఒరుగుతుంది.

సరైన లెక్క, రెండుసార్లూ పరీక్ష రాసిన 51 మందిని మాత్రమే వాళ్లతోనే పోల్చడం. ఆ 51 మందిలో జూన్‌లో అక్షరాల దగ్గర ఉన్నది 17 మంది, జనవరికి 6. కథ చదివింది జూన్‌లో 8 మంది, జనవరికి 23. ఇది గొప్ప ఫలితమే. దీని పక్కన ఒక్క వాక్యం చేర్చాలి: ‘13 మంది మధ్యలో వెళ్లిపోయారు, వాళ్లలో 7 మంది అందరికన్నా వెనకబడి ఉన్నవాళ్లు. వాళ్లను చేరుకోలేకపోయాను.’ చాలామంది ఇది రాస్తే మార్కులు పోతాయని భయపడతారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. తన పని ఎక్కడిదాకా వెళ్లిందో, ఎక్కడ ఆగిందో చూడగలిగిన మనిషి ఈమె అని చెప్పే వాక్యం అదే. చదవబోయే చదువు విద్యా విధానానికి సంబంధించినదైతే, వలస పిల్లలకు చదువు ఎలా అందించాలన్నదే ఆమె తర్వాతి ప్రశ్నగా సహజంగా వచ్చేస్తుంది. దానికి వేరే ముగింపు కట్టాల్సిన పని ఉండదు.

ఇంకో హద్దు కూడా ఉంది. ఆ ఏడు నెలలూ పిల్లలు బడికి కూడా వెళ్లారు, బడిలోనూ కొంత నేర్చుకుని ఉంటారు. పక్క ఊళ్లో సాయంత్రం క్లాసు లేని పిల్లలను ఇదే కాగితంతో రెండుసార్లు చూసి ఉంటే, బడి వల్ల ఎంత, ఈ క్లాసు వల్ల ఎంత అన్నది కొంత తేలేది. చూడలేదు. అలాంటప్పుడు ‘మా క్లాసు వల్ల 15 మంది కథ చదవగలిగారు’ అనకూడదు. ‘మా క్లాసు నడిచిన ఏడు నెలల్లో, బడి చదువుతో పాటు, కథ చదవగలిగినవాళ్లు 8 నుంచి 23 అయ్యారు’ అనాలి. కొన్ని పదాలు ఎక్కువ పడతాయి. ఆ పదాలు ఇవ్వాల్సిందే.

‘వందలాది మందికి లబ్ధి’ లాంటి వాక్యాలను కూడా ఈ కొలతతోనే చూడాలి. ఊళ్లో ఆరు వందల కుటుంబాలుంటే ఆరు వందల కుటుంబాలకు మేలు అని రాసేస్తుంటారు. క్లాసుకు వచ్చింది 64 మంది. మేలు జరిగిందని చూపగలిగింది 51 మందిలో కొందరికి. ఆ చిన్న అంకె పక్కన ఎలా కొలిచారో ఒక్క వాక్యం ఉంటే, కొలవని వెయ్యి కన్నా అది బరువు తూగుతుంది.

ఈ జాగ్రత్తంతా వ్యాసం చదివే అధికారి కోసమే కాదు. వ్యాసం నచ్చితే ఇంటర్వ్యూకు పిలుస్తారు, అక్కడ దరఖాస్తులో రాసినవాటి మీదే ప్రశ్నలు పడతాయి. ఆ 51 మంది ఎలా వచ్చారు? మిగతావాళ్లు ఏమయ్యారు? మీ ఆలోచన తప్పని ఎవరైనా అన్నారా, అప్పుడు ఏం చేశారు? ఆమె ఊరు వదిలి లండన్ వెళ్తే ఆ క్లాసు ఎవరు నడుపుతారు? మొదటి రెండూ లెక్కలు సరిగ్గా పెట్టుకున్నవాళ్లకు సమస్య కాదు. మూడోది, గొడవను వ్యాసంలో నిజంగా చెప్పినవాళ్లకు తేలిక. నాలుగోది మాత్రం దరఖాస్తు రాయడానికి ముందే చేయాల్సిన పని. జవాబు హాల్లో ఉండాలి, వ్యాసంలో పుట్టదు. ఈ ఊళ్లో అయితే మహిళా సంఘం నుంచి వచ్చిన ఆ ఇద్దరికి పరీక్ష కాగితం ఎలా వాడాలో నేర్పి, హాజరు పట్టిక వాళ్ల చేతికే ఇచ్చి ఉండాలి.

దరఖాస్తు పంపేముందు ఇంకొక్క పని చేయమని నన్ను అడిగినవాళ్లందరికీ చెబుతాను. చీవెనింగ్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టులో మొదలై అక్టోబర్ మొదట్లో ముగుస్తాయి, కాబట్టి సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం చాలు. వ్యాసంలో ఎవరితో గొడవ పడ్డామని రాశారో ఆ మనిషికే ముసాయిదా చూపించాలి. ఆ బీఎడ్ కుర్రాడు తన పేరాను చదివి, నేను చెప్పింది ఇదే అనాలి. కాదంటే అతను అప్పుడు ఏమన్నాడో మళ్లీ అడిగి, పేరా మార్చి, అంకెలున్న చోట హాజరు పట్టిక పక్కన పెట్టుకుని ఇద్దరూ ఒకసారి కూడి చూసుకోవాలి.